ఎదురు ప్రశ్న రాని హ్యాండోవర్: ఓఈటీకి చదివిన ఒక నైట్ డ్యూటీ సిస్టర్ కథ

(స్టాఫ్ నర్సులు, నర్సింగ్ చివరి సంవత్సరం విద్యార్థినుల సభలో ఇచ్చిన ప్రసంగ పాఠం)

సిస్టర్స్ అందరికీ నమస్కారం. రాత్రి డ్యూటీ దిగి నేరుగా ఇక్కడికి వచ్చినవాళ్లు కొందరు కనిపిస్తున్నారు. వెనక కుర్చీలు ఖాళీగా ఉన్నాయి, అలసటగా ఉంటే అక్కడ జారబడి వినండమ్మా.

ఈ రోజు ఒక కథ చెబుతాను. ఇందులోని సిస్టర్ ఒక మనిషి కాదు. నా దగ్గర చదువుకున్న చాలామందిని కలిపి అల్లిన మనిషి. వార్డులో అందరూ సిస్టర్ అనే పిలుస్తారు కాబట్టి నేనూ అలాగే పిలుస్తాను. గుంటూరులో ఒక ప్రైవేటు ఆసుపత్రి, ఎముకల వార్డు, రాత్రి ఎనిమిది నుంచి పొద్దున ఎనిమిది దాకా డ్యూటీ. ఇంట్లో రెండో తరగతి చదివే పాప, అత్తగారు. భర్తది ఊళ్లు తిరిగే ఉద్యోగం. ఆమె యూకే వెళ్లాలనుకుంది. అందుకు ఓఈటీ రాయాలి.

కొత్తవాళ్ల కోసం రెండు మాటలు. ఓఈటీ అంటే వైద్యరంగంలో పనిచేసేవాళ్ల కోసం పెట్టిన ఇంగ్లిష్ పరీక్ష. 1980ల్లో ఆస్ట్రేలియాలో పుట్టింది. ఇప్పుడు 12 వృత్తులవాళ్లు రాస్తున్నారు. వినడం, చదవడం అనే రెండు భాగాలు అందరికీ ఒకటే. రాయడం, మాట్లాడడం మాత్రం వృత్తిని బట్టి మారతాయి. నర్సుకు నర్సు పనే ఇస్తారు. ఒక్కో భాగానికి 500 మార్కులు. యూకే నర్సింగ్ కౌన్సిల్‌కు వినడం, చదవడం, మాట్లాడడంలో 350, అంటే బి గ్రేడు కావాలి. రాయడంలో 300, అంటే సి ప్లస్ వస్తే చాలు.

మన సిస్టర్ మొదట అందరిలాగే టైమ్ టేబుల్ వేసుకుంది. పొద్దున ఎనిమిదిన్నరకు హ్యాండోవర్ ముగించి, ఇంటికెళ్లి, టిఫిన్ తిని, తొమ్మిదిన్నర నుంచి రెండు గంటలు చదువు. ఇల్లు ప్రశాంతంగా ఉండేది ఆ వేళలోనే. పాప బడికి వెళ్లిపోతుంది, అత్తగారు వంటింట్లో ఉంటారు. చూడ్డానికి మంచి ఏర్పాటే. కానీ లిజనింగ్ ప్రాక్టీస్ పెట్టుకున్న ప్రతిసారీ మార్కులు తగ్గుతూ వచ్చాయి. నాకు ఇంగ్లిష్ రాదు, ఇక వదిలేద్దాం అనే దాకా వచ్చింది.

ఆమె రాసిన కాగితాలు ముందు పెట్టుకుని చూస్తే సంగతి తెలిసింది. లిజనింగ్ మొదటి భాగంలో రెండు సంభాషణలు ఉంటాయి. ఒక్కొక్కటి సుమారు ఐదు నిమిషాలు, ఒక్కసారే వినిపిస్తారు. రెండింటిలో కలిపి 24 ఖాళీలు పూరించాలి. ఆమె కాగితాల్లో మొదటి ఏడెనిమిది ఖాళీలు సరిగానే ఉన్నాయి. తర్వాత వదిలేసినవి మొదలయ్యాయి. అవి తప్పులు కూడా కావు, ఖాళీగానే ఉన్నాయి. రెండో సంభాషణ సగం నుంచి పెన్ను కదలనే లేదు. ఇంగ్లిష్ లోపమైతే తప్పులు అలా ఒకే చోట గుంపుగా ఉండవు. మొదట్లోనూ ఉంటాయి, చివరా ఉంటాయి, కొన్ని రకాల ప్రశ్నల దగ్గర మళ్లీ మళ్లీ కనిపిస్తాయి. రాను రాను పెన్ను ఆగిపోయిందంటే అది నిద్ర. రాత్రంతా మేలుకున్న మెదడుకు కొత్త మాటలు విని, పట్టుకుని, రాసే ఓపిక ఎక్కువసేపు ఉండదు. మీ ప్రాక్టీస్ కాగితాలను ఒకసారి ఈ కంటితో చూడండి. తప్పులు ఎన్ని అని లెక్కపెట్టే ముందు, ఎక్కడున్నాయో చూడండి.

దాంతో ఆమె పొద్దుటి చదువు మానేసింది. డ్యూటీ దిగాక నిద్రే. ఆడియో, టైమ్ పెట్టుకుని రాయడం, ఇవన్నీ నిద్ర లేచాక సాయంత్రం ఒక గంట. పూర్తి మోడల్ టెస్టు మాత్రం వీక్లీ ఆఫ్ నాడు, రాత్రి నిద్ర అయ్యాక, పొద్దుటి పూట. అసలు పరీక్ష పగలే కదా. రోజుకు రెండు గంటలు ఒక గంట అయింది. మరి ఆ పోయిన గంట ఎక్కడ దొరికింది? వార్డులోనే దొరికింది. పుస్తకం తెరవకుండా, రోగుల పని ఒక్క నిమిషం కూడా ఆపకుండా. నేను మీకు చెప్పాలనుకున్నది ఇదే, కాబట్టి కొంచెం నిదానంగా చెబుతాను.

రైటింగ్ పరీక్షతో మొదలుపెడతాను. మీకు ఒక రోగి కేస్ నోట్స్ ఇస్తారు. చదవడానికి ఐదు నిమిషాలు, రాయడానికి నలభై. ఆ నోట్స్ చూసి ఇంకో నర్సుకో, డాక్టరుకో ఉత్తరం రాయాలి. దాదాపు 180 నుంచి 200 మాటలు. నోట్స్‌లో ఉన్నదంతా రాస్తే ఆ కొలతలో పట్టదు. కావాలనే ఎక్కువ ఇస్తారు. ఏది ఉంచాలి, ఏది వదలాలి అన్నది మీరు తేల్చుకోవాలి. ఇక్కడే మనవాళ్లు ఎక్కువగా దెబ్బతింటారు. వ్యాకరణం దగ్గర కాదు. వదిలేస్తే మార్కులు పోతాయేమోనన్న భయంతో అన్నీ కుక్కేస్తారు.

ఒక నోట్స్ చూద్దాం. ఇది నేను తయారు చేసుకున్నది, పరీక్షలో వచ్చేది ఇలాగే ఉంటుంది. 72 ఏళ్ల పెద్దాయన. కుడి తుంటి కీలు మార్పిడి ఆపరేషన్ మార్చి 3న అయింది. మార్చి 8న డిశ్చార్జ్. షుగర్ ఉంది, మెట్‌ఫార్మిన్ వాడుతున్నారు. పెన్సిలిన్ పడదు. చిన్నప్పుడు అపెండిక్స్ తీశారు. ఆపరేషన్ అయిన రెండో రోజు 37.9 డిగ్రీల జ్వరం, మర్నాటికి తగ్గింది. గాయం పొడిగా ఉంది. స్టేపుల్స్ 14వ రోజున తీయాలి. రక్తం గడ్డ కట్టకుండా ఎనాక్సపారిన్ ఇంజెక్షన్ రోజుకొకటి, ఆపరేషన్ తర్వాత 28 రోజుల పాటు. సూది అంటే ఆయనకు భయం, తానే వేసుకోనన్నారు. వాకర్‌తో నడుస్తున్నారు. భార్యతో ఉంటారు, ఆమెకు చేతివేళ్లలో కీళ్లవాతం. తోటపని ఇష్టం. ఉత్తరం ఎవరికి? ఇంటికి వచ్చి చూసే కమ్యూనిటీ నర్సుకు.

మన సిస్టర్ మొదటిసారి రాసినప్పుడు ఉత్తరం వయసుతో మొదలై, అపెండిక్స్ మీదుగా, జ్వరం మీదుగా సాగింది. స్టేపుల్స్ చివరి పేరాలో వచ్చాయి. భార్య కీళ్లవాతం కుటుంబ విషయం కదా అని వదిలేసింది. ఇప్పుడు ఆ ఉత్తరం అందుకున్న నర్సు దగ్గర కూర్చుని ఆలోచించండి. ఆమెకు తెలియాల్సింది ఏమిటి? నేను ఏ రోజు వెళ్లాలి, వెళ్లి ఏం చేయాలి. స్టేపుల్స్ తీయడానికి మార్చి 17న వెళ్తే సరిపోతుంది అనుకుంటుంది. కానీ ఆ పెద్దాయన సూది వేసుకోరు, భార్య వేళ్లు సిరంజి నొక్కలేవు. అంటే ఇంజెక్షన్ కోసం నర్సు రోజూ వెళ్లాల్సిందే. ఆ ఒక్క కుటుంబ విషయంతో కమ్యూనిటీ నర్సు నెల పని మొత్తం మారిపోయింది. అపెండిక్స్‌తో ఏదీ మారలేదు. కాబట్టి కీళ్లవాతం ఉండాలి, అపెండిక్స్ పోవాలి. తోటపని కూడా పోవాలి. పెన్సిలిన్ పడదన్నది ఎప్పుడూ ఉండాలి. రేపు గాయం ఎర్రబడితే ముందు అడిగేది అదే.

(సభలో ఒక సిస్టర్: మేడమ్, జ్వరం వదిలేయొచ్చా? నాకైతే ధైర్యం చాలదు.)

మంచి ప్రశ్న అమ్మా. జ్వరం దానంతట అదే మర్నాటికి తగ్గింది, గాయం పొడిగా ఉంది, యాంటీబయాటిక్ మొదలుపెట్టలేదు. కాబట్టి వదిలేయొచ్చు. అదే నోట్స్‌లో యాంటీబయాటిక్ ఉంటే, అది ఇంటికెళ్లాక కూడా వాడాలంటే, తప్పకుండా రాయాలి. అలాగే చదివే మనిషి మారితే ఏరేది కూడా మారుతుంది. ఇదే ఉత్తరం ఫిజియోథెరపిస్టుకు రాయమంటే వాకర్ ముందుకు వస్తుంది, ఇంట్లో మెట్లున్నాయా అన్నది ముందుకు వస్తుంది. భార్య వేళ్ల సంగతి వెనక్కి పోతుంది.

దిద్దేవాళ్లు మొదట చూసేది, ఎందుకు రాస్తున్నారో మొదటి పేరాలోనే తెలిసిందా అని. పర్పస్ పేరుతో దానికి విడిగా 3 దాకా మార్కులుంటాయి. మిగతా అంశాలకు ఒక్కోదానికి 7 దాకా. అందుకని మొదటి పేరాలోనే, ఫలానా ఆయన ఈ రోజు డిశ్చార్జ్ అవుతున్నారు, ఆయనకు రోజూ ఎనాక్సపారిన్ ఇవ్వాలి, 17న స్టేపుల్స్ తీయాలి, షుగర్ చూస్తూ ఉండాలి అని వచ్చేయాలి. మిగతా ఉత్తరమంతా ఈ వాక్యానికి వివరాలే.

ఇది వార్డులో ఎక్కడ నేర్చుకుంటాం? పొద్దుటి హ్యాండోవర్‌లో. డే సిస్టర్ వచ్చి నిలబడుతుంది, మీరు ఒక్కో మంచం దగ్గర చెప్పాలి. మన సిస్టర్ ఒక నియమం పెట్టుకుంది. రోజుకు ఒకే ఒక్క రోగి గురించి నాలుగు వాక్యాలే. ఎవరు, ఎందుకున్నారు. రాత్రి ఏం మారింది. ఇప్పుడు ఎలా ఉన్నారు. నువ్వు ఈ పగలు ఏం చేయాలి. అన్నీ చెప్పాక డే సిస్టర్ ఎదురు ప్రశ్న వేయకపోతే ఆ రోజు గెలిచినట్టు. “మరి డ్రెయిన్ తీశారా?” అని అడిగిందా, ముఖ్యమైనదేదో మిగిలిపోయినట్టు. “అది నిన్ననే చెప్పారుగా” అన్నదా, అక్కర్లేనిది చెప్పినట్టు. మార్కులు వేసే మాస్టారు అక్కర్లేదు. పొద్దున ఎనిమిదింటికే ఫలితం వచ్చేస్తుంది.

మొదటి వారం దాదాపు రోజూ ప్రశ్న వచ్చింది. ఒక రోజు ఆరో నంబరు మంచం దగ్గర నాలుగు వాక్యాలయ్యాక డే సిస్టర్ “సరే అక్కా” అని ఏడో మంచం వైపు నడిచింది. మన సిస్టర్ ఇంటికెళ్లి డైరీలో రాసుకుంది: ఆరో మంచం, ప్రశ్న లేదు. ఆ సాయంత్రం అవే నాలుగు వాక్యాలను, పేరూ వివరాలూ మార్చేసి ఇంగ్లిష్‌లో రాసింది. ఇక్కడొక మాట గట్టిగా చెబుతున్నాను. కేస్ షీట్ ఫోటో తీయకండి, రోగి పేరుతో ఏదీ ఇంటికి తీసుకెళ్లకండి, గ్రూపుల్లో పెట్టకండి. పరీక్ష కోసమని చేసినా అది రోగి నమ్మకాన్ని తీసేయడమే. తలలో నిలిచిన క్రమం చాలు, కాగితం అక్కర్లేదు.

ఇక మాట్లాడడం. దీని దగ్గర మీ టెన్షన్ నాకు తెలుసు. రెండు రోల్ ప్లేలు, ఒక్కోటి ఐదు నిమిషాలు, ముందు కార్డు చదువుకోవడానికి మూడు నిమిషాలు. మీరు నర్సు, ఎదురుగా ఉన్నవాళ్లు రోగి, లేదా రోగి బంధువు. ఉచ్చారణ, ధారాళం, సందర్భానికి తగిన మాట, వ్యాకరణం, ఈ నాలుగూ భాషకు సంబంధించినవి. వీటితో పాటు రోగితో ఎలా మెలిగారన్నదానికీ మార్కులున్నాయి. రోగి భయాన్ని పట్టించుకున్నారా, వాళ్లకు ముందే ఏం తెలుసో అడిగారా, చెప్పింది అర్థమైందా అని చూసుకున్నారా అని చూస్తారు. చాలామంది ఈ సంగతి పట్టించుకోకుండా ఇంగ్లిష్ వాక్యాలు బట్టీ పట్టి వెళ్తారు. కార్డులో ఉన్న పనులన్నీ ఊపిరి తిప్పుకోకుండా అప్పజెప్పేస్తారు. రోగి “నాకు సూదంటే భయం సిస్టర్” అంటే, దాన్ని దాటేసి తర్వాతి పనికి వెళ్లిపోతారు.

ఈ అలవాటు ఇంగ్లిష్‌లో పుట్టింది కాదు. తెలుగులోనే మనకుంది. రాత్రి పది గంటల మందుల రౌండులో మనం ఏమంటాం? “తాతగారూ, ఈ మాత్ర వేసుకోండి, నీళ్లు తాగండి, పడుకోండి.” అంతే. ముప్ఫై మంది ఉన్న వార్డులో అంతకంటే సమయం ఉండదు, నేను తప్పు పట్టను. మన సిస్టర్ రాత్రికి ఒకే ఒక్కరి దగ్గర మాత్రం ఇంకోలా అడిగింది. “ఈ ఇంజెక్షన్ ఎందుకో మీకు ఎవరైనా చెప్పారా తాతగారూ?” ఆయన, “నొప్పికి అనుకుంటానమ్మా. నొప్పి తగ్గింది కదా, ఇక వద్దులే” అన్నారు. “నొప్పికి కాదండి. ఆపరేషన్ తర్వాత ఎక్కువగా మంచం మీదే ఉంటారు కదా, కాలిలో రక్తం గడ్డ కట్టకుండా ఇది.” తర్వాత, “ఇంటికెళ్లాక అమ్మాయి ఎందుకీ సూది అని అడిగితే ఏం చెబుతారు?” అని ఆయన చేతే చెప్పించింది. మహా అయితే రెండు నిమిషాలు పట్టింది. ఇంజెక్షన్ వద్దనబోయిన మనిషి వేయించుకున్నారు.

ఇప్పుడు చెప్పండి, ఈ రెండు నిమిషాలు పూర్తిగా తెలుగులో నడిచాయి. ఇది ఓఈటీ ప్రాక్టీసా, కాదా? నేను అవునంటాను. ముందు అడగడం, విన్నదాన్ని పట్టుకుని దాని మీద చెప్పడం, చివర తిరిగి చెప్పించడం, ఈ వరుస నోటికి అలవాటైతే ఇంగ్లిష్‌లోకి మార్చేది మూడు నాలుగు వాక్యాలే. అలవాటు లేకపోతే ఎంత ఇంగ్లిష్ వచ్చినా పరీక్షలో గుర్తు రాదు. ఆమె డైరీలో ఆ రాత్రి రాసుకుంది: తాతగారు తిరిగి చెప్పారు.

ఆ తర్వాతి సాయంత్రం అదే సంభాషణ ఇంగ్లిష్‌లో ఫోన్‌లో రికార్డు చేసుకుంది, రెండు గొంతులూ తనవే. విన్నప్పుడు తనకే ఒకటి పట్టుబడింది. “షీ ఈజ్ హావింగ్ పెయిన్ సిన్స్ టూ డేస్” అంటోంది. “హ్యాజ్ హ్యాడ్ పెయిన్ ఫర్ టూ డేస్” అనాలి. వార్డులో రోజూ వాడే వాక్యం కాబట్టి, నొప్పి చార్టు రాసే ప్రతిసారీ మనసులో సరిగా అనుకోవడం మొదలుపెట్టింది. వ్యాకరణం పుస్తకం మొత్తం కాదు, ఆ వారానికి ఆ ఒక్క వాక్యమే.

మూడోది చిన్న విషయం, కానీ చెప్పకపోతే మీరే ఇబ్బంది పడతారు. లిజనింగ్‌లో ఒక ఖాళీ దగ్గర బ్లడ్ షుగర్ పది అని వినిపించింది. పది ఏమిటి, తప్పు విన్నానేమో అనుకుని, ఆ ఆలోచనలో తర్వాతి రెండు ఖాళీలు కూడా పోగొట్టుకుంది. ఆమె సరిగ్గానే వింది. మన దగ్గర షుగర్ మిల్లీగ్రాముల లెక్కలో 180 అంటాం. బ్రిటన్‌లో, ఆస్ట్రేలియాలో మిల్లీమోల్స్‌లో చెబుతారు. మన అంకెను 18తో భాగిస్తే వాళ్ల అంకె వస్తుంది, 180 అంటే 10. జ్వరం కూడా అంతే. చాలా వార్డుల్లో మనం ఫారెన్‌హీట్‌లో చార్టు రాస్తాం, అక్కడ సెల్సియస్. ఇందాకటి 37.9 అంటే మనకు 100.2. అర్ధరాత్రి షుగర్ చూసేటప్పుడు గ్లూకోమీటర్‌లో అంకె కనబడగానే మనసులో 18తో భాగించడం ఆమెకు ఆటలా మారింది. చార్టులో మాత్రం వార్డు పద్ధతిలోనే రాయాలి సుమా, అక్కడ కలగాపులగం చేస్తే ప్రమాదం. కొన్నాళ్లకు 126 కనబడగానే ఏడు అని తట్టింది. ఆ రాత్రి డైరీలో ఉన్నది అదొక్కటే.

డైరీలో ఖాళీ రోజులు లేవనుకోకండి. మార్చురీకి ఒకరిని పంపిన రాత్రి ఉంది. ఇద్దరు సిస్టర్లు రాకపోతే వార్డంతా ఒక్కతే చూసుకున్న రాత్రి ఉంది. పాపకు జ్వరమొచ్చి సాయంత్రమంతా ఒళ్లో పెట్టుకుని కూర్చున్న రోజులున్నాయి. ఆ పేజీల్లో తేదీ తప్ప ఏమీ లేదు. మర్నాడు రెండు రోజుల బాకీ తీర్చాలని మాత్రం ఆమె పెట్టుకోలేదు. మళ్లీ ఒక రోగి, నాలుగు వాక్యాలు.

పరీక్ష రాసింది. రైటింగ్ 330, స్పీకింగ్ 360, రీడింగ్ 350 వచ్చాయి. లిజనింగ్ 340. పది మార్కులు తక్కువ. ఆ కబురు చెప్పడానికి ఫోన్ చేసినప్పుడు ఏడుస్తోంది. ఇలాంటప్పుడు ఏం చేయాలో మీకు తెలిసి ఉండాలి. యూకే కౌన్సిల్ 12 నెలల లోపు రాసిన రెండు పరీక్షల మార్కులను కలిపి చూస్తుంది. షరతు ఏమిటంటే వినడం, చదవడం, మాట్లాడడంలో ఏ ఒక్కటీ రెండు పరీక్షల్లోనూ సి ప్లస్‌కు, అంటే 300కు తగ్గకూడదు. రైటింగ్‌కు ఇంకో మెట్టు కింద, సి దాకా ఒప్పుకుంటారు. ఆమె మార్కులన్నీ ఆ గీతకు పైనే ఉన్నాయి. కాబట్టి రెండోసారి రాస్తే లిజనింగ్‌లో 350 రావాలి, మిగతావి మరీ జారిపోకుండా చూసుకోవాలి, అంతే. దరఖాస్తు పెట్టే ముందు కౌన్సిల్ వెబ్‌సైట్‌లో నిబంధన ఒకసారి మీరే చదువుకోండి, మారుతుంటాయి.

ఆమె రెండోసారి సిద్ధమైనప్పుడు తన లిజనింగ్ కాగితాలను మళ్లీ పరిచింది. ఈసారి ఖాళీలు చివర్లో గుంపుగా లేవు. అంకెల దగ్గర, రోగి ముందొకటి చెప్పి తర్వాత మార్చుకున్న చోట ఉన్నాయి. “మూడు వారాల నుంచి... కాదు, నెల అయిందేమో” అని రోగి అంటే, ఆమె మూడు వారాలు అని రాసేసి ముందుకు పోతోంది. వార్డులో రోగులు ఇలా ఎన్నిసార్లు మాట మార్చుకుంటారో మీకు చెప్పక్కర్లేదు. ఇప్పుడామె రాత్రి అడ్మిషన్ వచ్చినప్పుడు, “ఎప్పటి నుంచి?” అన్నదానికి జవాబు పూర్తయ్యే దాకా పెన్ను ఆపుతోంది. పరీక్ష వచ్చే నెల.

సరే, నా మాటలు చాలు. ఇక్కడ కార్డులున్నాయి. ఇద్దరు రండమ్మా, ఒకరు నర్సు, ఒకరు సూదంటే భయపడే తాతగారు. మూడు నిమిషాలు కార్డు చదువుకోండి. మిగతావాళ్లు తాతగారు భయమన్నప్పుడు నర్సు ఏం చేసిందో మాత్రమే రాసుకోండి, ఇంగ్లిష్ తప్పులు తర్వాత చూద్దాం.